క్లారిత్రోమైసిన్, కోల్చిసిన్ ఒకే చీటీలో ఉన్నాయి మేడమ్, ఒకసారి చూడండి

మేడమ్, నమస్తే. మీ క్లినిక్ వెనక వీధి మెడికల్ షాపు నుంచి రాస్తున్నాను. రెండుసార్లు ఫోన్ చేశాను, ఓపీ నిండా జనం ఉన్నారని కాంపౌండర్ చెప్పాడు, అందుకే వాట్సాప్‌లో పెడుతున్నా. మెసేజ్ కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి. సాయంత్రం ఆరు లోపు మీ నుంచి ఒక్క మాట కావాలి.

ఈరోజు పొద్దున మీరు చూసిన టోకెన్ 27, పేరు ఇక్కడ రాయను. 61 ఏళ్ళ పెద్దాయన, గారబందలో కూతురింటికి వచ్చి ఉన్నాడు. ఎడమ కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయి చెప్పు పట్టక, తువ్వాలు చుట్టుకుని అల్లుడి భుజం పట్టుకుని షాపు మెట్లెక్కాడు. దగ్గు, నాలుగు రోజులుగా జ్వరం. మీరు రాసినవి: దగ్గు, జ్వరానికి క్లారిత్రోమైసిన్ 500 పొద్దున, రాత్రి 7 రోజులు, వేలి వాపుకి కోల్చిసిన్ 0.5 పొద్దున, రాత్రి 5 రోజులు. పారాసిటమాల్, పాంటోప్రజోల్, దగ్గు సిరప్. చీటీ పైన పెన్సిలిన్ పడదని గుండ్రంగా చుట్టారు కాబట్టి అమాక్సిసిలిన్ వైపు ఎందుకు వెళ్ళలేదో అర్థమైంది. బీపీ ఉందని నొప్పి మాత్రలు కూడా మానేశారు, అదీ అర్థమైంది. మీకు తెలియనిది ఒకటుంది, అది ఆయన మీకు చెప్పలేదు.

డబ్బులు తీయడానికి కూతురు సంచిలోంచి పాలిథిన్ కవరు బయటికి లాగింది. అందులో ఆధార్ కార్డు, బస్సు టికెట్లతో పాటు నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ రిపోర్టు ఒకటి కనబడింది. అడిగి తీసుకుని చూశాను. మూడు వారాల కిందటిది, పలాసలో కిడ్నీ ఆసుపత్రిలో చేయించుకున్నది, క్రియాటినిన్ 2.4. పెద్దాయనది మందస దగ్గర ఊరు, ఉద్దానం మనిషి. అక్కడ ఆ అంకె ఎవరికీ కొత్త కాదు, ‘క్రియాటిన్ ఎంతుంది’ అని పెళ్ళిళ్ళలో కూడా అడుగుతారు. మరి డాక్టరమ్మకి ఎందుకు చెప్పలేదు తాతా అంటే, కిడ్నీ అంటే మీరు మందు రాయకుండా బరంపురం పంపించేస్తారని భయపడ్డాడట. కూతురికి తెలుసు కానీ ఆవిడ మీ గదిలోకి రాలేదు, బయట పిల్లాణ్ని పట్టుకుని కూర్చుంది.

షాపులో బరువు చూశాను, 52 కిలోలు. వయసు, బరువు, ఆ 2.4 పెట్టి కాక్‌క్రాఫ్ట్ లెక్క వేస్తే కిడ్నీ వడపోత నిమిషానికి 24 ఎం.ఎల్. దగ్గర వస్తోంది. మూడు వారాల కిందటి రిపోర్టు, పైగా ఇప్పుడు జ్వరం, సరిగా తినడం లేదు, కాబట్టి ఇవాళ ఇంకా తక్కువే ఉండొచ్చు. 30 లోపు అంటే క్లారిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినా డోసు సగం చేయాలి. అసలు సమస్య అది కాదు, పక్కనున్న కోల్చిసిన్.

మీకు తెలియని సంగతి చెప్తున్నానని కాదు, నేనెందుకు ఆపానో చెప్పాలి కాబట్టి రాస్తున్నా. కోల్చిసిన్ ఒంట్లోంచి పోవడానికి రెండు దారులు ముఖ్యం, లివర్‌లో, పేగులో ఉండే సీవైపీ 3ఏ4 ఎంజైము ఒకటి, మందుని కణం బయటికి తోసే పీ-గ్లైకోప్రోటీన్ పంపు ఇంకోటి. క్లారిత్రోమైసిన్ రెండింటినీ మూసేస్తుంది. కిడ్నీ బాగున్న మనిషిలోనే రక్తంలో కోల్చిసిన్ మూడు నాలుగు రెట్లకి పోతుందని దాని లేబుల్‌లో ఉంది. ఈయనకి మూడో దారైన కిడ్నీ కూడా సగం పైగా మూసుకునే ఉంది. కోల్చిసిన్‌కి మందు డోసుకీ విషం డోసుకీ మధ్య దూరం ఎంత తక్కువో మీకు తెలుసు. కిడ్నీ గానీ లివర్ గానీ దెబ్బతిన్నవాళ్ళకి ఈ రెండూ కలిపి ఇవ్వకూడదని లేబుల్‌లో సూటిగా రాశారు, తగ్గించి ఇవ్వొచ్చన్న వెసులుబాటు కిడ్నీ బాగున్నవాళ్ళకే. అందుకే 0.5 రోజుకొకటి చేద్దామా అని మిమ్మల్ని అడగడం లేదు.

హాంకాంగ్ ఆసుపత్రి రికార్డులతో 2005లో ఒక పేపరు వచ్చింది. రెండూ ఒకేసారి వాడిన 88 మందిలో 9 మంది చనిపోయారు, ఒకదాని తర్వాత ఒకటి వాడిన 28 మందిలో ఒక్కరు. పోయినవాళ్ళలో ముందునుంచీ కిడ్నీ తేడా ఉన్నవాళ్ళు, రెండు మందులూ ఎక్కువ రోజులు కలిసి పడినవాళ్ళు ఎక్కువ. మన పెద్దాయనకి కిడ్నీ సంగతి ఉండనే ఉంది, మీ చీటీ ప్రకారం అయిదు రోజులు రెండూ కలిసి పడతాయి.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇంకోటుంది. కోల్చిసిన్ విషం ముదిరేటప్పుడు మొదట వచ్చేవి వాంతులు, విరేచనాలు. యాంటీబయాటిక్ వాడుతున్న మనిషికి విరేచనాలైతే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు, మందు వేడి చేసిందనుకుంటారు, మజ్జిగ తాగిస్తారు, దగ్గర్లో ఏ షాపుకో వెళ్ళి మోషన్స్ మాత్ర కొంటారు, కోల్చిసిన్ మాత్రం వేస్తూనే ఉంటారు. ఒకటి రెండు రోజులు పోయాక తెల్లకణాలు పడిపోవడం, కండరాలు దెబ్బతినడం మొదలైతే అప్పుడు పట్టుకోవడానికి మన చేతిలో విరుగుడు లేదు, డయాలసిస్ పెట్టినా ఆ మందు బయటికి రాదు. ఒప్పుకోవాలి మేడమ్, చాలా ఏళ్ళ కింద నేనే ఒకాయనకి ఇలాగే రెండుసార్లు మోషన్స్ మాత్రలు అమ్మాను, ఇంకేం వాడుతున్నారని అడగలేదు. ఆయనకి తర్వాత తగ్గిపోయింది, అదృష్టం. అప్పటినుంచి కోల్చిసిన్ అడిగిన ప్రతివాళ్ళ సంచీ చూస్తున్నా, కొందరు విసుక్కుంటారు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, క్లారిత్రోమైసిన్ మాత్ర ఒకటి ఇప్పటికే కడుపులోకి వెళ్ళింది. మీ దగ్గరున్న శాంపిల్ స్ట్రిప్‌లోది అక్కడే వేయించారని అల్లుడు చెప్పాడు, పదకొండున్నర ప్రాంతంలో. కోల్చిసిన్ ఇంకా ఒక్కటీ వేయలేదు, ఇంట్లో పాతది కూడా లేదని రెండుసార్లు అడిగి తెలుసుకున్నా. అంటే ఇప్పటివరకు ఏమీ జరగలేదు. కానీ క్లారిత్రోమైసిన్ ఆపిన వెంటనే ఆ ఎంజైము మామూలైపోదు, కొన్ని రోజులు పడుతుంది. గత 14 రోజుల్లో ఇలాంటి మందు పడినవాళ్ళని కూడా కోల్చిసిన్ లేబుల్ ఇదే లెక్కలో పెడుతుంది. ఒక్క మాత్రతో అంత అవుతుందా అంటే అవకపోవచ్చు, అయినా ఈ కిడ్నీతో ఆ పందెం ఎందుకు అనిపించింది. అందుకని క్లారిత్రోమైసిన్ మార్చేసి కోల్చిసిన్ ఉంచేద్దాం అనే తేలిక దారి కూడా నాకు నచ్చలేదు.

నాకు తోచింది రాస్తున్నా, నిర్ణయం మీదే. ఛాతీకి డాక్సీసైక్లిన్ 100 రోజుకి రెండు సరిపోతుందేమో చూడండి, కిడ్నీ కోసం డోసు మార్చక్కర్లేదు, పెన్సిలిన్ గొడవ లేదు. ఆయన పలాసలో ఇచ్చిన కాల్షియం, ఐరన్ మాత్రలు వాడుతున్నాడు, వాటితో కలిపి వేస్తే డాక్సీ ఒంటికి పట్టదు, ఎన్ని గంటల తేడాతో వేయాలో నేను కూతురికి స్ట్రిప్ మీద తెలుగులో రాసిస్తాను. వేసుకున్నాక గ్లాసు నిండా నీళ్ళు తాగి కాసేపు కూర్చోవాలని, వెంటనే పడుకోవద్దని కూడా చెప్తా. అజిత్రోమైసిన్ అయినా క్లారిత్రోలా ఆ ఎంజైముని మూసేయదు, కాకపోతే ఈసీజీ సంగతి మీరు చూసుకోవాలి. కాలికి ప్రెడ్నిసొలోన్ 30 అయిదు రోజులు ఇవ్వొచ్చా? షుగర్ ఉందా అంటే లేదన్నాడు, కిడ్నీ సంగతి దాచిన మనిషి కదా అని మా మిషన్‌తో చూశాను, రాండమ్ 124. జ్వరం ఉండగా స్టెరాయిడ్ వద్దనుకుంటే ఆ కీలులోకే ఇంజెక్షన్ వేయగలరేమో మీకే తెలియాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దని మా కుర్రాడికి చెప్పి పెట్టాను.

ఇంకో చిన్న సంగతి. ఆయన ఆమ్లోడిపిన్ 5 వాడుతున్నాడు, క్లారిత్రోమైసిన్ దాన్ని కూడా పెంచుతుంది, పెద్దవాళ్ళకి బీపీ ఒక్కసారి పడిపోయి కిడ్నీ మీద ఇంకో దెబ్బ పడుతుంది. క్లారిత్రో మారిస్తే ఇదీ పోతుంది. ఇప్పుడు బీపీ 148/90 ఉంది.

నేను ప్రస్తుతం ఇచ్చింది పారాసిటమాల్, పాంటోప్రజోల్, సిరప్, ఇవి మూడే. వేలికి గుడ్డలో ఐసు చుట్టి పెట్టమన్నాను. రెండు మందులూ ఎందుకివ్వలేదంటే స్టాకు లేదని అబద్ధం చెప్పలేదు, డాక్టరమ్మని ఒక మాట అడగాలి, కిడ్నీ రిపోర్టు ఆవిడ చూడలేదు కదా అని చెప్పాను, మీరు తప్పు రాశారన్న మాట నా నోట రాలేదు. పెద్దాయన కొంచెం గొణిగాడు. అల్లుడు మాత్రం బండి ఉంది, పాతపట్నం వెళ్ళి తెచ్చేస్తానన్నాడు. బోర్డరు దాటితే పది నిమిషాలు, అక్కడ ఈ రిపోర్టు ఎవరూ అడగరు. అందుకే చీటీ నా దగ్గరే ఉంచుకున్నాను, ఫోటో కూడా తీసుకోనివ్వలేదు, ఈ విషయంలో కొంచెం మొండిగానే ఉన్నా. ఆరింటికి మళ్ళీ వస్తారు, ఒట్టి చేతులతో పంపితే రేపు ఇంకెక్కడో కొంటారు.

రిపోర్టు ఫోటో, చీటీ ఫోటో కింద పెడుతున్నాను. టైపు చేసే తీరిక లేకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, కాకపోతే మారిన మందులు మీ చేతిరాతతో కొత్త చీటీ మీద కావాలి, మా కుర్రాణ్ని మీ క్లినిక్‌కి పంపిస్తా. క్రియాటినిన్, పొటాషియం, సీబీసీ ఇవాళే చేయించమంటారా? ల్యాబ్ వాళ్ళు ఏడింటి దాకా ఉంటారట, అడిగి పెట్టాను.