డివిడెండ్ ఎంత పంచారన్న దానితో కంపెనీ విలువ మారుతుందా?

లాభంలో ఎంత పంచాలి, ఎంత అట్టిపెట్టుకోవాలి అన్న విషయంలో పాఠ్యపుస్తకాలు రెండు వర్గాలను ఎదురెదురుగా నిలబెడతాయి. ఒక పక్క వాల్టర్, గోర్డన్. మరో పక్క మిల్లర్, మోదిగ్లియాని. నిజానికి ఈ రెండు వర్గాలూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదన్నది ఈ పత్రంలో నా వాదన.

P షేరు ధర, D షేరుకు డివిడెండ్ అయితే, వాల్టర్ సూత్రం ఇది:

P = [D + (r/k)(E − D)] / k

షేరుకు ఆదాయం (E) 10 రూపాయలు, ఇన్వెస్టర్లు కోరే రాబడి, అంటే పెట్టుబడి వ్యయం (k) 10 శాతం, కంపెనీ తన ప్రాజెక్టులపై సంపాదించేది (r) 15 శాతం అనుకుందాం. పైసా పంచకపోతే ధర 150 రూపాయలు, మొత్తం పంచేస్తే 100. r 8 శాతమే అయితే లెక్క తిరగబడుతుంది: పంచకపోతే 80, పంచితే 100. చూడగానే ధరను మార్చింది డివిడెండే అనిపిస్తుంది. కానీ ఈ మోడల్‌లో కంపెనీ బయటి నుంచి డబ్బు తెచ్చుకోలేదు. పంచిన ప్రతి రూపాయికీ ఆ మేరకు ఒక ప్రాజెక్టు ఆగిపోతుంది. కాబట్టి ధరను మార్చింది పెట్టుబడి నిర్ణయం. గోర్డన్ దీనికి మరో మాట చేర్చాడు: డివిడెండ్ ఎంత ఆలస్యమైతే అంత అనిశ్చితి, అందుకే ఇన్వెస్టర్లు ఎక్కువ రాబడి అడుగుతారు. అయితే రిస్క్ కంపెనీ వ్యాపారంలో ఉంటుంది, డబ్బు చేతికి వచ్చే తేదీలో కాదు. ఈ విషయంలో గోర్డన్ వాదన నాకు బలహీనంగా కనిపిస్తుంది.

1961లో మిల్లర్, మోదిగ్లియాని పెట్టుబడి నిర్ణయాన్ని కదలకుండా కట్టిపడేసి, డివిడెండ్‌ను మాత్రమే మార్చి చూశారు. 10 లక్షల షేర్లు, ధర 100 రూపాయలు, k 10 శాతం, ఏడాది లాభం కోటి, కావలసిన పెట్టుబడి కూడా కోటి అనుకుందాం. 10 రూపాయల డివిడెండ్ ఇస్తే ఏడాది చివర ధర 100. ఖాళీ అయిన కోటి కోసం లక్ష కొత్త షేర్లు అమ్మాలి. డివిడెండ్ ఇవ్వకపోతే ధర 110, కొత్త షేర్ల అవసరం లేదు. రెండు దారుల్లోనూ కంపెనీ నేటి విలువ 10 కోట్లే. పన్నులు, ఇష్యూ ఖర్చులు లేకుండా, అందరికీ ఒకే సమాచారం ఉన్నంత వరకు ఈ లెక్కను కాదనలేం.

అసలు చర్చ ఆ ఊహలు చెదిరిన చోట మొదలవుతుంది. 1956లో లింట్నర్ 28 అమెరికన్ కంపెనీలను పరిశీలించి, మేనేజర్లు డివిడెండ్ తగ్గించడానికి ఎంత భయపడతారో చూపాడు. లాభం పెరిగినా అది నిలుస్తుందన్న నమ్మకం కుదిరితేనే పెంచుతారు. అందుకే పెంపును మార్కెట్ ఒక సంకేతంగా చదువుతుంది. భట్టాచార్య 1979లో ఆ సంకేతానికి సిద్ధాంత రూపం ఇచ్చాడు.

నా దృష్టిలో ఇంతకంటే బరువైనది 1986లో జెన్సెన్ చేసిన వాదన: చేతిలో అదనపు నగదు ఉంటే మేనేజర్లు దాన్ని దుబారా చేస్తారు, డివిడెండ్ ఆ నగదును వాళ్ల చేతుల్లోంచి లాగేస్తుంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ ఉదంతాన్ని ఈ కోణంలో చదవాలి. 2008 డిసెంబరులో ప్రమోటర్ కుటుంబానికి చెందిన రెండు మైటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించగానే ఇన్వెస్టర్లు తిరగబడ్డారు. గంటల్లోనే ఆ డీల్ రద్దయింది. లాభాలు పంచకుండా ప్రమోటర్ల చేతిలో వదిలేస్తే ఏమవుతుందో మార్కెట్ అప్పటికే లెక్క వేసుకుంది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖలో బయటపడింది ఇంకా ఘోరం: పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. పుస్తకంలో అంకె రాయడం తేలిక, డివిడెండ్ మాత్రం నిజమైన డబ్బుతోనే చెల్లించాలి. కానీ సత్యం కూడా డివిడెండ్లు ఇస్తూనే వచ్చింది. కొద్దిపాటి డివిడెండ్‌ను నిజాయితీకి రుజువుగా తీసుకోలేమని కూడా ఈ కేసే చెబుతోంది.

పన్నుల సంగతి మన దేశంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2020 మార్చి వరకు డివిడెండ్ పంపిణీ పన్నును కంపెనీయే కట్టేది. సర్‌చార్జీ, సెస్‌తో కలిపి అది 20.56 శాతం. తక్కువ ఆదాయంతో బతికే పెన్షనర్ మీద కూడా అదే భారం. 2020 ఏప్రిల్ నుంచి ఎవరి శ్లాబు ప్రకారం వాళ్లు కడుతున్నారు. పెన్షనర్‌కు ఊరట, 30 శాతం శ్లాబులో ఉన్న ప్రమోటర్‌కు నష్టం. కంపెనీ అదే, లాభం అదే, డివిడెండ్ విలువ మాత్రం ఒక్కో వాటాదారుకు ఒక్కోలా మారిపోయింది. కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనే బైబ్యాక్ దారిలో డబ్బు పంచి ఈ తేడాను తప్పించుకునే వీలు కొంతకాలం ఉండేది. 2024 అక్టోబరు 1న ఆ సొమ్మునూ వాటాదారు చేతిలో డివిడెండ్‌గానే లెక్కించి పన్ను వేయడం మొదలుపెట్టారు.