ఈస్టర్ తేదీ ఎందుకు మారుతుంది? తాతయ్య రాసిచ్చిన జవాబు

చిట్టితల్లీ,

సండే స్కూల్లో చదివి వినిపించాలి, కాగితం మీద రాసివ్వమన్నావు కదా, ఇదిగో రాశాను. కొంచెం పెద్దదైంది. ఒకేసారి చదవలేకపోతే రెండు ఆదివారాలు చదువు. మీ టీచరమ్మ ఏమీ అనుకోదులే.

నువ్వు అడిగింది ఇది: "క్రిస్మస్ ఎప్పుడంటే నిద్రలో లేపి అడిగినా డిసెంబర్ 25 అని చెప్తాను. ఈస్టర్ ఎప్పుడంటే మాత్రం క్యాలెండర్ చూడాలి. పోయినేడు ఏప్రిల్ 20, ఈ ఏడు ఏప్రిల్ 5. ఎందుకలా?"

ముందు ఒక చిత్రమైన సంగతి చెప్తాను. యేసు ప్రభువు ఏ రోజున పుట్టాడో బైబిల్లో లేదు. లూకా సువార్త రెండో అధ్యాయం తీసి చూడు. కైసరు ఔగుస్తు ఆజ్ఞ ఉంది, బేత్లెహేము ఉంది, పశువుల తొట్టి ఉంది, రాత్రివేళ మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులున్నారు. తేదీ మాత్రం లేదు. నెల కూడా లేదు. అదే సిలువ సంగతికి వస్తే ఎప్పుడు జరిగిందో నాలుగు సువార్తలూ చెప్తాయి. యూదుల పస్కా పండుగ రోజుల్లో సిలువ వేశారు, ఆదివారం తెల్లవారుజామున సమాధి ఖాళీగా కనబడింది. ఎప్పుడో తెలియని పండుగ కదలకుండా ఉంది, బాగా తెలిసిన పండుగ కదులుతోంది! నాకైతే ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

క్రిస్మస్ సంగతి త్వరగా అయిపోతుంది. తేదీ తెలియదు కాబట్టి పెద్దలు ఒక తేదీ పెట్టుకున్నారు. 354లో రోములో తయారైన ఒక పంచాంగం లాంటి పుస్తకంలో డిసెంబర్ 25న క్రీస్తు పుట్టాడని రాసి ఉంది. ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారన్న దానికి పండితులు రెండు కారణాలు చెప్తారు. మార్చి 25న మరియమ్మ గర్భం దాల్చిందని కొందరు లెక్కవేసి, అక్కడి నుంచి తొమ్మిది నెలలు కలిపారన్నది ఒకటి. రోమన్లు ఆ రోజుల్లో డిసెంబర్ 25నే సూర్యుడి పండుగ చేసుకునేవారు, చలికాలంలో పగలు మళ్ళీ పెరగడం మొదలయ్యే రోజులవి, లోకానికి వెలుగు వచ్చిందని చెప్పడానికి అది సరిపోయిందన్నది రెండోది. ఏది నిజమో ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఏదైనా కానీ, ఒకసారి క్యాలెండర్లో తేదీ పెట్టేశాక అది అక్కడే ఉంటుంది. వారం మాత్రమే మారుతుంది, ఒక ఏడు గురువారం, ఇంకో ఏడు శుక్రవారం.

ఇక ఈస్టర్. పస్కా ఎందుకు చేస్తారో నీకు తెలుసు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో బానిసత్వం నుంచి బయటపడిన రాత్రిని తలుచుకునే పండుగ అది. యూదుల నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. నెలవంకతో నెల మొదలవుతుంది, పద్నాలుగో రోజు సాయంత్రానికి నిండు చంద్రుడు వస్తాడు. ఆ సాయంత్రమే పస్కా. అంటే గెత్సేమనే తోటలో ప్రభువు ప్రార్థన చేసిన రాత్రి ఆకాశంలో పౌర్ణమి చంద్రుడో, దానికి అటూ ఇటుగా ఉన్న చంద్రుడో ఉండి ఉంటాడు. ఈసారి ఆ అధ్యాయం చదివేటప్పుడు ఇది గుర్తు పెట్టుకో.

ఇప్పుడు చంద్రుడి లెక్క చూద్దాం. పౌర్ణమి నుంచి పౌర్ణమికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు సార్లు వేస్తే 354 రోజులు అవుతాయి. మన గోడ క్యాలెండర్ సూర్యుడిది, 365 రోజులు. పదకొండు రోజులు తేడా. అందుకే నిరుడు పౌర్ణమి వచ్చిన తేదీకి ఈ ఏడు రాదు, సుమారు 11 రోజులు ముందే వచ్చేస్తుంది.

మన హైదరాబాద్‌లో ఉంటే ఇది అర్థం కావడం తేలిక, ఎందుకంటే అన్ని రకాల పండుగలూ నీ కళ్ళ ముందే జరుగుతాయి. సంక్రాంతి సూర్యుడి లెక్క, అందుకే జనవరి 14న వస్తుంది, కాదంటే 15. రంజాన్ పూర్తిగా చంద్రుడి లెక్క. నెలవంక కనిపిస్తేనే మొదలు, ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ఎండాకాలం, చలికాలం, వానాకాలం అన్నీ చుట్టి వస్తుంది. ఉగాది రెండింటి మధ్య ఉంటుంది. 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. మళ్ళీ అలాగే వెనక్కి పోతే ఉగాది చలికాలంలోకి వెళ్ళిపోతుంది, అప్పుడు వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది? అందుకని మధ్యమధ్యలో అధిక మాసం కలుపుతారు. దాంతో 2027లో ఉగాది ఏప్రిల్ 7కి ముందుకు వస్తుంది. యూదులు కూడా అంతే, పస్కా వసంతకాలం దాటి పోకుండా అప్పుడప్పుడూ ఒక నెల కలుపుతారు. ఈస్టర్‌ది కూడా ఈ ఉగాది కుటుంబమే.

కానీ ఈస్టర్‌కి ఇంకో ముడి ఉంది. అది ఆదివారమే రావాలి. దీని మీద తొలి క్రైస్తవుల్లో పెద్ద వాదన జరిగింది. ఇప్పటి టర్కీ వైపు ఉన్న సంఘాలవాళ్ళు పస్కా ఏ వారం వస్తే ఆ వారమే పండుగ చేసేవారు, మంగళవారమైనా సరే. రోములో మాత్రం ఆదివారమే చేయాలన్నారు. స్ముర్న సంఘపు బిషప్పు పోలికార్పు ముసలి వయసులో ఈ విషయం మాట్లాడటానికి రోముకు వెళ్ళాడు. "అపొస్తలుడైన యోహానుతో కలిసి నేను ఇలాగే చేశాను" అన్నది ఆయన మాట. రోము బిషప్పు అనికేతు, "మా పెద్దలు మాకు ఇలాగే నేర్పారు" అన్నాడు. ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. అయినా ఇద్దరూ కలిసి ప్రభురాత్రి భోజనం తీసుకుని, సమాధానంగా విడిపోయారు. చిట్టితల్లీ, ఈ సంగతి మాత్రం నువ్వు క్లాసులో తప్పకుండా చదవాలి, సమయం లేక మిగతాది వదిలేసినా పరవాలేదు.

తర్వాత 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియా అనే ఊళ్ళో బిషప్పులందరినీ పిలిచి సభ పెట్టించాడు. అందరూ ఒకే ఆదివారం చేయాలని అక్కడ తీర్మానించారు. కాలక్రమంలో స్థిరపడిన సూత్రం ఇది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూడు, దాని తర్వాత వచ్చే ఆదివారమే ఈస్టర్. మార్చి 21 ఎందుకంటే, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకి గుర్తుగా దాన్ని పెట్టుకున్నారు. పౌర్ణమి సరిగ్గా ఆదివారమే వస్తే ఆ ఆదివారం కాదు, పై ఆదివారం. ఈ సూత్రంతో ఈస్టర్ ఎంత ముందొచ్చినా మార్చి 22, ఎంత ఆలస్యమైనా ఏప్రిల్ 25. 2038లో సరిగ్గా ఏప్రిల్ 25నే వస్తుంది. అప్పటికి నువ్వు ఉద్యోగం చేస్తూ ఉంటావు.

దీనికోసం ఎవరూ మేడెక్కి చంద్రుణ్ణి చూడక్కర్లేదు. 19 ఏళ్ళకు ఒకసారి పౌర్ణములు దాదాపు అవే తేదీలకు తిరిగి వస్తాయని పాతకాలంలోనే కనిపెట్టారు. ఆ 19 ఏళ్ళ పట్టికతో సంఘం లెక్క వేస్తుంది. ఆకాశంలో పౌర్ణమికీ పట్టికలో పౌర్ణమికీ ఒక్కోసారి ఒకటి రెండు రోజులు తేడా ఉంటుంది, అప్పుడు పట్టికదే మాట. పూర్వం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఈ లెక్క బాగా తెలిసినవాళ్ళు ఉండేవారు. అక్కడి బిషప్పు అతనాసియస్ ఏటా ఉత్తరాలు రాసి, ఈ ఏడు పండుగ ఫలానా రోజున అని సంఘాలకు తెలియజేసేవాడు. సెల్‌ఫోన్ లేదు, గోడ క్యాలెండర్ లేదు, ఉత్తరమే ఆధారం!

మన ఇంట్లో గోడకున్న క్యాలెండర్ ఇలా ఉండటానికి కూడా ఈస్టరే కారణం. పాత రోమన్ క్యాలెండర్‌లో సంవత్సరం నిజం కన్నా కాస్త పొడుగు. శతాబ్దాలు గడిచేసరికి పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మార్చి 11కి జారిపోయింది, ఈస్టర్ లెక్క తప్పుతోంది. అందుకని 1582లో పోపు 13వ గ్రెగరీ క్యాలెండర్ సరిచేయించాడు. ఆ ఏడు అక్టోబర్ 4 తెల్లారితే అక్టోబర్ 15! పది రోజులు తీసేశారు. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు ఈస్టర్‌కి పాత లెక్కనే వాడుతున్నాయి కాబట్టి, వాళ్ళ ఈస్టర్ చాలాసార్లు మన తర్వాత వస్తుంది. ఈ ఏడు వాళ్ళది ఏప్రిల్ 12. 2025లో మాత్రం అందరికీ ఏప్రిల్ 20నే వచ్చింది, అదీ నైసియా సభకు 1700 ఏళ్ళు నిండిన సంవత్సరంలో. నాకు ఎంత సంతోషమనిపించిందో!

"ఈస్టర్‌కి కూడా ఒక తేదీ పెట్టేస్తే గొడవ ఉండదు కదా" అన్నావు. అలా అనుకున్నవాళ్ళు ఉన్నారు. 1928లో బ్రిటన్‌లో ఏప్రిల్ రెండో శనివారం తర్వాతి ఆదివారమే ఈస్టర్ అని చట్టం కూడా చేశారు, కానీ దాన్ని ఇప్పటివరకూ అమలు చేయలేదు. నన్నడిగితే ఇలా కదలడమే బాగుంది. ఒకే తేదీ పెట్టేస్తే పస్కాతో, పౌర్ణమితో ఉన్న సంబంధం తెగిపోతుంది. ఆ రాత్రి ఎలాంటి రాత్రో చెప్పే గుర్తు అది.

ఇంకొకటి. ఈస్టర్ కదిలితే దాని వెనకాల వరస మొత్తం కదులుతుంది. భస్మ బుధవారం 46 రోజులు ముందు, మట్టల ఆదివారం వారం ముందు, గుడ్ ఫ్రైడే రెండు రోజులు ముందు, పెంతెకొస్తు ఏడు వారాల తర్వాత. ఈ ఏడు భస్మ బుధవారం ఫిబ్రవరి 18న ఎందుకు వచ్చిందో ఇప్పుడు నువ్వే ఏప్రిల్ 5 నుంచి వెనక్కి లెక్కపెట్టి చూసుకో.

ఇప్పుడు ఆట. 2025లో పట్టిక పౌర్ణమి ఏప్రిల్ 13. అది ఆదివారం, అందుకని ఈస్టర్ 20న. 11 రోజులు తగ్గించు, 2026లో ఏప్రిల్ 2, గురువారం, ఈస్టర్ 5న. మళ్ళీ 11 తగ్గించు, 2027లో మార్చి 22, సోమవారం, ఈస్టర్ మార్చి 28న. ఇంకోసారి తగ్గిస్తే మార్చి 11 వస్తుంది. మార్చి 21 కన్నా ముందు కాబట్టి అది చెల్లదు, తర్వాతి పౌర్ణమి పట్టుకోవాలి. అందుకే 2028లో ఏప్రిల్ 10, సోమవారం, ఈస్టర్ 16న.

2029 నీది. ఏప్రిల్ 10 నుంచి 11 తగ్గించి, అది ఏ వారమో మీ నాన్న ఫోన్‌లో చూసి, ఈస్టర్ ఎప్పుడో లెక్కకట్టు. ఆదివారం ఆరాధన అయ్యాక జవాబు నా చెవిలో చెప్పాలి. మీ అన్నయ్యకి ముందే చెప్పకు.

మీ తాతయ్య
మారేడ్‌పల్లి