అర్హతుడు, బోధిసత్త్వుడు: పోలిక చార్టు
(తొమ్మిదో తరగతి, సాంఘిక శాస్త్రం, పత్తికొండ)

పిల్లలూ, మన ఊరి నుంచి గుత్తికి పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అవి క్రీ.పూ. 3వ శతాబ్దానివి. బౌద్ధంలో మహాయాన శాఖ రూపు దిద్దుకున్నది ఆ తర్వాతే. కాబట్టి కింది రెండు ఆదర్శాల్లో అర్హతుడిదే పాతది.

| అంశం | థేరవాదంలో అర్హతుడు | మహాయానంలో బోధిసత్త్వుడు |
|---|---|---|
| ఎవరు? | రాగం, ద్వేషం, మోహం పూర్తిగా తొలగినవాడు. ఇక అతనికి పుట్టుక లేదు. | జీవులందరినీ దుఃఖం నుంచి దాటించడానికి తానే బుద్ధుడు కావాలని సంకల్పించినవాడు. అందుకోసం ఎన్ని జన్మలైనా ఎత్తుతాడు. |
| సాధన | అష్టాంగ మార్గం. నాలుగు మెట్లు: స్రోతాపన్నుడు, సకృదాగామి, అనాగామి, అర్హతుడు. | ఆరు పారమితలు: దానం, శీలం, క్షాంతి, వీర్యం, ధ్యానం, ప్రజ్ఞ. |
| ఎవరి దారి? | ముఖ్యంగా భిక్షువులు, భిక్షుణులు. | సంసారంలో ఉన్నవాళ్లు కూడా నడవవచ్చు. వైశాలి గృహస్థు విమలకీర్తి కథ ఇందుకే ప్రసిద్ధి. |
| ఉదాహరణలు | సారిపుత్రుడు, ఆనందుడు. భర్తనూ బిడ్డలనూ పోగొట్టుకుని భిక్షుణిగా మారిన పటాచార. హంతకుడిగా బతికి మారిన అంగులిమాలుడు. | అవలోకితేశ్వరుడు (కరుణ), మంజుశ్రీ (ప్రజ్ఞ), మైత్రేయుడు (రాబోయే బుద్ధుడు). |
| గ్రంథాలు | పాళీ త్రిపిటకం | ప్రజ్ఞాపారమిత, సద్ధర్మపుండరీక సూత్రాలు |
| నేడు ఎక్కడ? | శ్రీలంక, మయన్మార్, థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్ | చైనా, కొరియా, జపాన్, వియత్నాం, టిబెట్ |

మార్కులు పోయేది ఇక్కడే

"అర్హతుడు తన కోసం, బోధిసత్త్వుడు అందరి కోసం" అని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు. గుర్తుపెట్టుకోవడానికి సులువే గానీ, అర్హతుడికి అన్యాయం. వినయపిటకం ప్రకారం, తొలి అరవై మంది శిష్యులు అర్హతులయ్యాక బుద్ధుడు వాళ్లను ఊరికే కూర్చోబెట్టలేదు. బహుజనుల హితం కోసం, సుఖం కోసం తిరగమన్నాడు, ఇద్దరు ఒకే దారిన పోవద్దన్నాడు. పటాచార కూడా తనలాగే బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు ధర్మం బోధించింది. తేడా కరుణ ఉందా లేదా అన్నది కాదు. చేరాల్సిన గమ్యం ఏది అన్నది: ఒకరికి దుఃఖ విముక్తి, మరొకరికి పూర్తి బుద్ధత్వం.

బోధిసత్త్వుడనే మాట మహాయానానికే సొంతం అనుకోవద్దు. థేరవాదుల జాతక కథల్లో కోతిగా, జింకగా, ఏనుగుగా పుట్టేది బోధిసత్త్వుడే, అంటే బుద్ధుడు కాకముందు గౌతముడు. కాకపోతే ఆ దారి ఎప్పుడో ఒకరికే గానీ అందరికీ కాదని వాళ్లు భావిస్తారు. మహాయానం దాన్నే అందరి ముందూ పెట్టింది. అటు చైనా మహాయాన ఆలయాల్లో పద్దెనిమిది మంది అర్హతుల విగ్రహాలకు పూజలు జరుగుతాయి. గీత గీసినంత తేలిగ్గా ఈ రెండూ విడిపోవు.

నోట్సులో రాయండి

1. అంగులిమాలుడి కథ అర్హత్వం గురించి ఏం చెబుతోంది?
2. ఆరు పారమితల్లో అష్టాంగ మార్గానికి దగ్గరగా ఉన్నవి ఏవి? ఎందుకు?
3. విమలకీర్తి లాంటి గృహస్థును ఆదర్శంగా చూపడం వల్ల వ్యాపారులకు, రైతులకు మహాయానం ఎలా దగ్గరై ఉంటుంది? ఐదు వాక్యాల్లో రాయండి.