సాక్షి-3ను అడగవలసిన ప్రశ్నలు: డ్రయ్యర్ ఎలివేటర్ ప్రమాదంపై అంతర్గత విచారణ

విచారణ విషయం: మిర్యాలగూడ సమీపంలోని పారాబాయిల్డ్ రైస్ మిల్లులో 2024 నవంబరు 14, గురువారం రాత్రి షిఫ్టులో, వడ్లను బకెట్లతో పైకి ఎత్తే డ్రయ్యర్ ఎలివేటర్ అడుగు భాగంలో చెయ్యి పడి మెయింటెనెన్స్ హెల్పర్ కుడిచేతి మూడు వేళ్లు నలిగిన ఘటన.
సాక్షి: డ్రయ్యర్ దగ్గర ఊడ్చే పని చేసే మహిళ, వయసు సుమారు 50 సంవత్సరాలు.
తేదీ, స్థలం: 2024 నవంబరు 18, సోమవారం ఉదయం 10 గంటలు; ముందు కాటా గదిలో, ఆ తరువాత డ్రయ్యర్ దగ్గర.
అడిగేవారు: విచారణాధికారి. రాసుకునేవారు: కమిటీ మహిళా సభ్యురాలు.

కమిటీ సభ్యులకు ముందుగా ఒక మాట. ఈ ప్రమాదం గురించి మిల్లులో ఇప్పటికే మూడు కథనాలు తిరుగుతున్నాయి. ఎలివేటర్ నడుస్తుండగానే హెల్పర్ తనంతట తాను చెయ్యి పెట్టాడన్నది ఒకటి. లైను ఆగితే లోడు ఆలస్యమవుతుందని, ఆపకుండానే ఇరుక్కున్న వడ్లు తీయమని పైనుంచి చెప్పారన్నది రెండోది. మోటారు ఆపాకే అతను చెయ్యి పెట్టాడని, ఆ సంగతి తెలియని ఎవరో పానెల్ బోర్డు దగ్గర బటన్ నొక్కారన్నది మూడోది. వీటిలో ఏది నిజమో మనకింకా తెలియదు. ఎలివేటర్ గుంతకు అతి దగ్గరలో ఉన్నది ఈ సాక్షేనని తక్కిన ఇద్దరు సాక్షులూ చెప్పారు కనుక, ఆ మూడు కథనాల్లో ఏ ఒక్కటీ మన నోటి నుంచి ఆమె చెవిన పడకుండా ఈ ప్రశ్నలు రాసుకున్నాను. ఎలివేటర్ నడుస్తోందని గానీ, ఆగిందని గానీ, ఎవరో ఆదేశించారని గానీ ముందే ఒప్పుకున్నట్టు ధ్వనించే ప్రశ్న ఇందులో లేదు. ఆ గదిలో మాట తడుముకుంటూ కొత్త ప్రశ్న వేయవలసి వచ్చినా ఇదే హద్దు పాటించాలి.

అడిగేవాడు ఆశించే జవాబును సూచించే ప్రశ్నను 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలోని 141వ సెక్షన్ నిర్వచించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఆ విషయం 146వ సెక్షన్‌లో ఉంది. మనది కోర్టు కాదు, ఆ నియమాలు మనల్ని అక్షరాలా కట్టివేయవు. అయినా ప్రశ్నలోని ఒక్క క్రియాపదం జ్ఞాపకాన్నే మార్చగలదని గుర్తుంచుకుంటే ఆ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగంలో అందరికీ ఒకే కారు ప్రమాదాన్ని సినిమాలో చూపించారు. కార్లు ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ వేగమెంత అనే ధోరణిలో కొందరిని, ‘తగిలినప్పుడు’ ఎంత అని మరికొందరిని అడిగారు. వారం తరువాత, సినిమాలో లేనే లేని పగిలిన గాజును చూశామన్నవారు మొదటి గుంపులో 50 మందికి 16 మంది, రెండో గుంపులో 50 మందికి 7 మంది. కనుక మన ప్రశ్నల్లో ‘బెల్టు గుంజుకున్నప్పుడు’, ‘నిర్లక్ష్యంగా’, ‘తొందరలో’ అనే మాటలు రాకూడదు. ఆమె తానుగా అంటే మాత్రం అన్నది అన్నట్టే, ఆమె యాసలోనే రాసుకోవాలి.

యజమాని, గుమాస్తా, షిఫ్టు సూపర్‌వైజర్ ఎవరూ ఆ గదిలో గానీ కిటికీ బయట గానీ ఉండరాదు. సోమవారం కూలి ఆమె ఏం చెప్పినా, ఏమీ చెప్పకపోయినా అందుతుందని యజమాని రాసిచ్చిన కాగితం మన దగ్గర ఉంది.

మొదట ఆమెకు చెప్పవలసిన మాటలు ఇవి. చదివి వినిపించకుండా, ముఖం చూస్తూ చెప్పాలి.

“అమ్మా, కూర్చోండి. గురువారం రాత్రి డ్రయ్యర్ దగ్గర ఏం జరిగిందో తెలుసుకోవడానికి మిమ్మల్ని పిలిచాము. మీ మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నేను ఆ రాత్రి అక్కడ లేను, నాకేమీ తెలియదు. అందుకని చిన్న విషయమైనా వదలకుండా చెప్పండి. తెలియనిది తెలియదనండి, గుర్తు లేనిది గుర్తు లేదనండి, అది కూడా మాకు జవాబే. నేను అడిగింది తప్పుగా ఉంటే నన్ను దిద్దండి. మీరు కళ్లారా చూసింది, చెవులారా విన్నది, తరువాత ఎవరో చెప్పగా తెలిసింది వేరువేరుగా చెబితే మంచిది. ఈ మేడమ్ మీరు చెప్పింది రాసుకుంటారు, చివర మీకు చదివి వినిపిస్తారు. ఇక్కడి మాట మేము సూపర్‌వైజర్‌కు గానీ తోటి కూలీలకు గానీ చెప్పము. అయితే విచారణ నివేదికలో రాస్తాము.”

ఆ చివరి వాక్యాన్ని దాటవేయవద్దు. మాట బయటికి పోనే పోదని నమ్మించి చెప్పించుకున్న సాక్ష్యం ఆమెకూ న్యాయం కాదు, నివేదికలో ప్రశ్నకూ నిలవదు.

తరువాత ఒక్కటే ప్రశ్న: “ఆ రాత్రి మీరు పనిలోకి వచ్చిన దగ్గర నుంచి ఇంటికి వెళ్లేదాకా ఏమేమి జరిగిందో, మీకు గుర్తున్న వరుసలో చెప్పండి.”

దీనికి ఆమె జవాబు పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. ఆగిపోతే కాసేపు ఊరుకోవాలి, అప్పటికీ కదలకపోతే “ఆ తరువాత?” అని మాత్రమే అనాలి. “అవునా”, “అయ్యో”, “సరిగ్గా చెప్పారు” అనే మాటలు, తల ఊపడం కూడా వద్దు, ఏ మాటకు మనం సంతోషించామో ఆమె పట్టేస్తుంది. సందేహాలు కాగితం మీద గుర్తు పెట్టుకుని తరువాత అడగాలి.

కాలం గురించి గడియారం అడగవద్దు. ఆమె దగ్గర వాచీ లేదు, ఫోను షెడ్డులో పెట్టి పనిలోకి దిగుతుందని హాజరు చూసే గుమాస్తా చెప్పాడు. మరునాడు కార్తీక పున్నమి కనుక ఆ రాత్రి జరిగినవి ఆమెకు పనులను బట్టి గుర్తుండే అవకాశం ఉంది.

“పున్నమి ముందు రోజు రాత్రి మీరు అన్నం తిన్నారా? తింటే, అది ఈ సంగతికి ముందా, తరువాతా?”
“అతనికి దెబ్బ తగలడానికి ముందు మీరు చివరిగా ఊడ్చింది ఎక్కడ? ఆ చెత్త ఎక్కడ పోశారు?”
“ఆ సమయానికి కాటా మీద లారీ ఏదైనా ఉందా, లేదా, మీకు తెలియదా?”

ఈ జవాబుల్ని లారీ కాటా చీటీల మీది సమయాలతోనూ, 108కి చేసిన ఫోను సమయంతోనూ మనం పోల్చుకుంటాము. ఆ కాగితాలు సాక్షికి ముందుగా చూపించకూడదు.

ఇక అసలు ఘట్టం. ఇక్కడ తొందరపడకుండా ఒక్కొక్కటే అడగాలి. రెండు విషయాలు ఒక ప్రశ్నలో కలిపితే ‘అవును’ అన్న జవాబు దేనికో తెలియకుండా పోతుంది.

“అతనికి దెబ్బ తగిలిందని మీకు మొట్టమొదట ఎలా తెలిసింది?” చూసి తెలిసిందా, కేక విని తెలిసిందా అన్నది ఈ ప్రశ్నతోనే తేలాలి. కేక విని తిరిగి చూశానంటే, చెయ్యి పడిన క్షణాన్ని ఆమె చూడలేదన్నమాట. అక్కడి నుంచి ఆ క్షణం గురించి ఆమెను ఊహించమనే ప్రశ్న ఒక్కటి కూడా వేయకూడదు.

“దానికి కాస్త ముందు మీరు అతన్ని చూశారా? చూస్తే, ఎక్కడ ఉన్నాడు? ఏం చేస్తున్నాడు? అతని చేతుల్లో ఏమైనా ఉందా?”

“ఆ సమయంలో మీకు ఏయే చప్పుళ్లు వినిపిస్తున్నాయి? అవి అలాగే ఉన్నాయా, వాటిలో మార్పు ఏమైనా వచ్చిందా?” ఎలివేటర్ నడిచిందా ఆగిందా అన్నదానికి మనకున్న ప్రశ్న ఇదే. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసిన మనిషికి బ్లోయర్ హోరు వేరు, ఎలివేటర్ బకెట్ల చప్పుడు వేరు. మార్పు వచ్చిందంటే “ఏ చప్పుడు, ఎలా మారింది?” అని, “అది కేకకు ముందా, తరువాతా, లేక చెప్పలేరా?” అని మాత్రమే అడగాలి. “మోటారు మళ్లీ మొదలైందా?” అంటే మూడో కథనం మనమే చెప్పినట్టు.

“ఎలివేటర్ అడుగున ఉన్న ఇనుప మూత ఆ రాత్రి మీ కంట పడిందా? ఎక్కడ చూశారు?” మూత ఉండవలసిందా, ఎవరు తీయవచ్చు అన్నవి ఆమెను అడగవద్దు. యంత్రాలకు కంచె ఉండాలన్నది ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ సంగతి, దాన్ని తూచవలసింది మనము.

“అక్కడ ఎవరైనా ఏదైనా మాట్లాడగా విన్నారా? విన్న మాటలు విన్నట్టే చెప్పగలరా? మాట్లాడిన మనిషిని చూశారా, గొంతును బట్టి పోల్చుకున్నారా?” ఇక్కడ సూపర్‌వైజర్ పేరు గానీ హోదా గానీ మనం ఎత్తకూడదు. ఆమె ‘సారు చెప్పిండు’ అంటే అంతటితో రాసుకుని ఊరుకోవద్దు. ఈ మిల్లులో యజమాని, గుమాస్తా, సూపర్‌వైజర్ ముగ్గురినీ కూలీలు ‘సారు’ అనే పిలుస్తారు. “ఏ సారు అమ్మా?” అని అడిగి, ఆమె గుర్తు చెప్పాకే ముందుకు పోవాలి.

“పానెల్ బోర్డు మీరున్న చోటికి కనిపిస్తుందా? ఆ సమయంలో అటు చూశారా? చూస్తే ఎవరైనా ఉన్నారా?” ఈ మూడూ ఇదే వరుసలో రావాలి.

తరువాత డ్రయ్యర్ దగ్గరికి వెళ్లాలి. “మీరు నిలబడ్డ చోట నిలబడండి” అని చెప్పి, అక్కడ సుద్దతో గీత గీసి, గుంతకు దూరం టేపుతో కొలవాలి. హెల్పర్‌ను చూశానని ఉంటే ఆ చోటు ఆమెనే చూపించమనాలి. ఆ రాత్రి వెలిగిన దీపాలే వెలిగించి, రాత్రి 9 గంటల తరువాత ఇంకోసారి వచ్చి అక్కడి నుంచి పానెల్ బోర్డు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో మనమే చూడాలి. పగటి వెలుగులో చూసి కనిపిస్తుందని రాస్తే ఆ వాక్యానికి విలువ లేదు.

మళ్లీ కాటా గదికి వచ్చాక అడగవలసినవి కొన్నే.

“ఈ నాలుగు రోజుల్లో ఈ విషయం గురించి ఎవరెవరితో మాట్లాడారు? వాళ్లు ఏమన్నారు?”
“మీరు ఇప్పుడు చెప్పినవాటిలో, వాళ్ల మాటల వల్ల తెలిసింది ఏదైనా ఉందా?”
“ఇది ఇలా చెప్పండి, అది చెప్పవద్దు అని ఎవరైనా అన్నారా?”
“దెబ్బ తగిలిన అతను మీకు చుట్టమా, ఒకే ఊరివారా? అక్కడ పనిచేసేవాళ్లలో ఎవరితోనైనా మీకు తగవు ఉందా?”

వీటిని చివర పెట్టడానికి కారణం ఉంది. మొదటే అడిగితే తనను అనుమానిస్తున్నారని ఆమె బిగుసుకుంటుంది. అసలు అడగకపోతే ఎవరి మాట ఎంతవరకు ఆమె సొంతమో మనకు తెలియదు. మూడో ప్రశ్నకు ఆమె అవునంటే, ఆ పేరు, మాటలు వేరే కాగితం మీద రాసి విడిగా భద్రపరచాలి.

కాటా చీటీలకు ఆమె చెప్పిన వరుసకు పొత్తు కుదరకపోతే, అప్పుడు మాత్రమే చీటీ చూపించి, “ఈ కాగితంలో లారీ వచ్చిన సమయం ఇలా ఉంది. మీరు చెప్పిందానికి, దీనికి తేడా కనిపిస్తోంది. దీని గురించి మీరేమైనా చెప్పగలరా?” అని అడగాలి. కాగితమే ఒప్పని, ఆమెదే తప్పని ధ్వనించకూడదు. చీటీ మీద సమయం వేసే యంత్రం గడియారం ఎంత తేడాలో నడుస్తోందో మనం ఇంకా సరిచూడలేదు.

ఆఖరి ప్రశ్న: “నేను అడగనిది, మీరు చెప్పాలనుకున్నది ఏదైనా ఉందా అమ్మా?”

రాసుకున్నది మొత్తం ఆమెకు వినిపించి, ఆమె దిద్దమన్నచోట పాత మాట కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన కొత్త మాట రాసి, అక్కడ ఆమె సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. చూసినవి, విన్నవి, తరువాత తెలిసినవి మూడు వేరు పేరాలుగా రాయాలి. ఆమె కొత్తగా ఎవరి పేరైనా చెబితే, ఆ మనిషిని అదే రోజు పిలిపించాలి. నివేదిక ముసాయిదా ఆ తరువాతే మొదలుపెడదాము.