నీరెండ అడ్వైజరీ ఎల్‌ఎల్‌పీ: రిజిస్ట్రేషన్ వివరాలు, నష్టభయ హెచ్చరికలు

సెక్యూరిటీల మార్కెట్‌లో పెట్టుబడులు మార్కెట్ నష్టభయాలకు లోబడి ఉంటాయి. పెట్టుబడి పెట్టే ముందు సంబంధిత పత్రాలన్నీ జాగ్రత్తగా చదవండి.

మేం ఎవరం

సెబీ (ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్స్) రెగ్యులేషన్స్, 2013 కింద సంస్థ హోదాలో రిజిస్టరైన పెట్టుబడి సలహాదారులం.
సెబీ రిజిస్ట్రేషన్ నంబర్: INA000099871. సెబీ సస్పెండ్ చేసేవరకు లేదా రద్దు చేసేవరకు ఇది చెల్లుతుంది.
బీఎస్ఈ ఎన్‌లిస్ట్‌మెంట్ నంబర్: 9871.
ఆఫీసు చిరునామా, ఫోన్, ప్రిన్సిపల్ ఆఫీసర్, కంప్లయన్స్ ఆఫీసర్ పేర్లు ప్రతి పేజీ అడుగున ఉన్నాయి.

మా మాట మీదే ఆధారపడకండి. sebi.gov.in లోని గుర్తింపు పొందిన మధ్యవర్తుల జాబితాలో ఈ నంబర్ కొట్టి, పేరు అక్షరం తేడా లేకుండా సరిపోయిందో లేదో చూసుకోండి. మా పేరూ లోగో వాడుకుని ఇంకెవరైనా గ్రూపులు నడపవచ్చు.

సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్, బీఎస్ఈలో ఎన్‌లిస్ట్‌మెంట్, ఎన్‌ఐఎస్‌ఎం సర్టిఫికెట్ ఇవేవీ మా పనితీరుకు హామీ కావు. మదుపరులకు రాబడి వస్తుందన్న భరోసా కూడా ఇవ్వవు.

నష్టభయం గురించి

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, బాండ్లు దేని విలువైనా తగ్గవచ్చు. పెట్టిన అసలు కూడా మొత్తం తిరిగి రాకపోవచ్చు. ఈక్విటీలో ధరల ఊగిసలాట ఉంటే, బాండ్లలో వడ్డీ రేట్లు పెరిగినప్పుడు ధర పడిపోవడం, జారీ చేసిన కంపెనీ చెల్లించలేకపోవడం అనే ప్రమాదాలుంటాయి. కొన్ని చిన్న కంపెనీల షేర్లయితే అమ్ముదామన్న రోజున కొనేవాళ్లే దొరకరు. గతంలో వచ్చిన రాబడి మళ్లీ వస్తుందని చెప్పలేం.

ఫ్యూచర్స్, ఆప్షన్స్‌కు మేం సలహా ఇవ్వం. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు ఈక్విటీ ఎఫ్&ఓలో ట్రేడ్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్ల మొత్తం నష్టం ₹1.8 లక్షల కోట్లు దాటింది. ఈ అంకెలు చూశాక కూడా ఆ దారిలో వెళ్లాలనుకుంటే, ఆ నిర్ణయం పూర్తిగా మీదే.

ఈ సైట్‌లోని సమాచారం

ఇక్కడి వ్యాసాలు, కాలిక్యులేటర్లు అవగాహన కోసమే. వాటిలో కనిపించే షేర్ల, ఫండ్ల పేర్లు ఉదాహరణలు మాత్రమే, కొనమనో అమ్మమనో చేసే సిఫార్సులు కావు. ఎస్‌ఐపీ కాలిక్యులేటర్‌లో 12 శాతం అని నింపితే అది మీరు అనుకున్న రేటు, మేం ఇచ్చిన మాట కాదు. వ్యక్తిగత సలహా కావాలంటే ముందు కేవైసీ, రిస్క్ ప్రొఫైలింగ్ పూర్తిచేసి, సంతకాలైన ఒప్పందం ఉండాలి. అప్పటిదాకా మేం మీకు సలహాదారులం కాము. ఉచిత ట్రయల్ ఇవ్వం, నిబంధనలు ఒప్పుకోవు.

ఫీజు, ప్రయోజనాల వైరుధ్యం

ఒక కుటుంబానికి ఏడాదికి ₹24,000 స్థిర ఫీజు, జీఎస్టీ అదనం. వ్యక్తిగత క్లయింట్లకు ఈ పద్ధతిలో సెబీ విధించిన గరిష్ఠ పరిమితి ఏడాదికి ఒక్కో కుటుంబానికి ₹1,51,000. ఫండ్ కంపెనీల నుంచి గానీ బ్రోకర్ల నుంచి గానీ కమిషన్ తీసుకోం, డైరెక్ట్ ప్లాన్లే సూచిస్తాం. మేం సూచించిన దాన్ని ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు, అసలు కొనకపోనూ వచ్చు. మేం సూచించే సెక్యూరిటీలో మాకు వాటా ఉంటే, ఆ విషయం సలహా పత్రంలోనే రాస్తాం.

ఫీజు సంస్థ బ్యాంకు ఖాతాకే చెల్లించండి, నగదు వద్దు. యూపీఐలో పంపేటప్పుడు ఐడీలో @valid ఉందా, ఆకుపచ్చ త్రిభుజంలో తెల్లటి బొటనవేలు గుర్తు కనిపిస్తోందా చూడండి. లేకపోతే అక్కడే ఆగిపోండి. అడిగింది మా ఉద్యోగే అని గట్టిగా అనిపించినా సరే, పంపకండి.

మేం ఎప్పుడూ చేయని పనులు

గ్యారంటీ రాబడి మాటెత్తం. మీ డీమ్యాట్ పాస్‌వర్డ్, ఓటీపీ, పవర్ ఆఫ్ అటార్నీ అడగం. మీ డబ్బు మా చేతికి తీసుకుని ట్రేడింగ్ చేయం. మా పేరుతో ఎవరు ఇవి అడిగినా మోసమే.

సెబీ పరిధిలో లేనివి

బ్యాంకు డిపాజిట్లు, బీమా, స్థలాల గురించి ఆర్థిక ప్రణాళికలో ప్రస్తావించవచ్చు. ఆ భాగంపై సెబీకి ఫిర్యాదు చేసే అవకాశం ఉండదు.

ఫిర్యాదులు

ముందుగా మా కంప్లయన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఫిర్యాదు అందిన 21 రోజుల్లోగా పరిష్కరించాలి. తృప్తి కలగకపోతే scores.sebi.gov.in లో, ఆ తర్వాత smartodr.in లో నమోదు చేయవచ్చు. సెబీ టోల్‌ఫ్రీ నంబర్లు: 1800 22 7575, 1800 266 7575. నెలవారీ ఫిర్యాదుల పట్టిక, ఇన్వెస్టర్ చార్టర్, వార్షిక కంప్లయన్స్ ఆడిట్ స్థితి ఈ సైట్‌లోనే విడి పేజీల్లో ఉన్నాయి. ఫిర్యాదులేవీ రాని నెలలోనూ పట్టికలో సున్నా వేసి ఉంచుతాం.