మేడపై హోర్డింగు స్థలం లీజు దస్తావేజు

2026 ఫిబ్రవరి 2వ తేదీన కాకినాడ భానుగుడి జంక్షన్ దగ్గర కాపురముంటున్న శ్రీమతి పెనుమత్స సుభద్ర (ఇందులో 'నేను'), అదే ఊళ్లో హోర్డింగుల వ్యాపారం చేసుకుంటున్న శ్రీ దాట్ల కిశోర్ (ఇందులో 'మీరు') కలిసి రాసుకున్న లీజు దస్తావేజు.

దిగువ షెడ్యూలులోని నా రెండంతస్తుల డాబాపై రోడ్డు వైపు పిట్టగోడను ఆనుకుని ఉన్న 32 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు స్థలాన్ని 30 × 20 అడుగుల హోర్డింగు ఒక్కటి నిలబెట్టుకోవడానికి మాత్రమే మీకు ఇస్తున్నాను. మేడలో మిగతా భాగం నాదే. అక్కడ సెల్ టవరుకుగానీ, రెండో బోర్డుకుగానీ మీకు హక్కు లేదు. గడువు 2026 మార్చి 1 నుంచి 2029 ఫిబ్రవరి 28 వరకు, మూడేళ్లు. ఏడాది దాటిన లీజు కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయిస్తాం. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు మీవి.

అద్దె బోర్డు కొలత మీద. చదరపు అడుగుకు నెలకు 35 రూపాయల చొప్పున 600 చదరపు అడుగులకు మొదటి ఏడాది నెలకు 21,000 రూపాయలు. రెండో ఏడాది 23,100, మూడో ఏడాది 25,410. కొలత ఫ్రేము బయటి అంచు నుంచి తీసుకోవాలి, ఫ్లెక్సు నుంచి కాదు. ప్రతి నెలా 5వ తేదీలోపు నా బ్యాంకు ఖాతాలో జమ చేయాలి. బోర్డుపై ప్రకటన ఉన్నా, 'ఈ స్థలం అద్దెకు' అని మీ ఫోన్ నంబరే వేలాడుతున్నా అద్దె ఒకటే. మీకు ప్రకటనలు దొరక్కపోవడం నా లెక్కలోకి రాదు.

టీడీఎస్ కోయాల్సి వస్తే కోసి సర్టిఫికెట్ ఇవ్వాలి. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, మీకుంది. రివర్స్ ఛార్జ్ కింద ఆ పన్ను మీరే కట్టుకోవాలి. ఈ రోజు ఆరు నెలల అద్దె 1,26,000 రూపాయలు డిపాజిట్‌గా నాకు ముట్టింది. దీనికి వడ్డీ లేదు.

మున్సిపల్ కార్పొరేషన్ అనుమతి, స్ట్రక్చరల్ ఇంజనీరు సర్టిఫికెట్ నా చేతికి వచ్చేదాకా ఇనుము పైకి ఎక్కించకూడదు. 2026 మే 31 లోపు అనుమతి రాకపోతే ఈ లీజు రద్దవుతుంది. రెండు నెలల అద్దె మినహాయించుకుని మిగతా డిపాజిట్ ఇచ్చేస్తాను. 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. అనుమతించిన కొలతకన్నా అది ఎన్నో రెట్లు పెద్దదని తర్వాత తేలింది. అందుకే ఈ షరతులో నేను పట్టు విడవను. సర్టిఫికెట్‌ను ఏటా వానాకాలం ముందు కొత్తగా తేవాలి, థర్డ్ పార్టీ బీమా ఎప్పుడూ నడుస్తూ ఉండాలి.

పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ చువ్వలను కోయకూడదు, వాటికి వెల్డింగ్ చేయకూడదు. స్లాబుకు రంధ్రాలు కొట్టకూడదు. బేస్ ప్లేట్లు ఇంజనీరు గీసిచ్చిన చోటే ఉండాలి.

మేడ మీదికి దారి మా ఇంటి మెట్లే కాబట్టి మీ మనుషులు ముందురోజు ఫోన్ చేసి, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపే రావాలి. ఒకసారికి నలుగురికి మించకూడదు. తాళంచెవి ఇవ్వను, తలుపు నేనే తీస్తాను. అడిగి వచ్చిన రోజున కారణం లేకుండా ఆపను. ఎండాకాలంలో మేడ మీద వడియాలు, మిరపకాయలు ఆరబోసుకుంటాం. వాటిని తొక్కకుండా పని చూసుకోవాలి, ఫ్లెక్సు ముక్కలు, మేకులు ఏరుకుని వెళ్లాలి. ప్రమాదం ముంచుకొస్తే ఏ వేళైనా రావచ్చు.

కాకినాడ పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసిన ఆరు గంటల్లో ఫ్లెక్సు దించేయాలి. మీరు రాకపోతే నేను కోయించేస్తాను. కూలి మీది, చిరిగిన ఫ్లెక్సుకు నాది పూచీ కాదు. ఫ్రేముగానీ ఫ్లెక్సుగానీ పడి ఎవరికైనా, దేనికైనా నష్టం జరిగితే పూర్తి బాధ్యత మీదే.

లైట్లకు మీ పేరున వేరే మీటరు పెట్టించుకోవాలి. వెలుగు మా పడకగది కిటికీలో పడుతుంది గనుక రాత్రి 11కి ఆపేయాలి.

మొదటి ఏడాది తర్వాత మీరు మూడు నెలల నోటీసుతో తప్పుకోవచ్చు. రెండు నెలల అద్దె బాకీపడినా, బోర్డు కొలత పెంచినా నేను 30 రోజుల నోటీసుతో రద్దు చేస్తాను. కార్పొరేషన్ తీసేయమంటే ఆ రోజు నుంచి అద్దె ఆగుతుంది; తప్పు మీదైతే మాత్రం మూడు నెలల అద్దె కట్టాలి.

లీజు ఎలా ముగిసినా 15 రోజుల్లో ఫ్రేము, బేస్ ప్లేట్లు, వైర్లు, మీటరు అన్నీ తీసేయాలి. పైన కోసిన ఇనుమును రోడ్డు మీదికి విసరకుండా తాళ్లతో దించాలి. బేస్ కింద కాంక్రీటు చెక్కి, ఆ చోట వాటర్‌ప్రూఫింగ్ చేసి, 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింది గదిలో చెమ్మ లేదని ఇద్దరం చూసుకున్నాకే తీసివేత పూర్తయినట్టు. గడువు దాటితే రోజుకు 1,500 రూపాయలు. మరో 30 రోజులైనా కదలకపోతే నోటీసిచ్చి నేనే తీయించి, ఇనుము అమ్మి, ఖర్చు మినహాయించి మిగిలింది మీకిస్తాను. తీసివేత పూర్తయిన 15 రోజుల్లో డిపాజిట్ వెనక్కిస్తాను.

షెడ్యూలు: కాకినాడ జిల్లా, కాకినాడ నగరం, భానుగుడి జంక్షన్ దగ్గర 180 చదరపు గజాల్లోని రెండంతస్తుల డాబా పైకప్పులో పై కొలతల స్థలం. డాబాకు హద్దులు: తూర్పు మెయిన్ రోడ్డు, దక్షిణం ఇతరుల ఇల్లు, పడమర మురుగు కాలువ, ఉత్తరం నడక సందు.

చదువుకుని, అర్థం చేసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకాలు చేశాం.

(సం.) పెనుమత్స సుభద్ర, యజమాని
(సం.) దాట్ల కిశోర్, లీజుదారు