సవరించిన వ్యాపార ప్రణాళిక: డీవో మీటరు ఆపి ఏరేటర్ అలారం వైపు

భాగస్వాములకు, నెల్లూరు, జనవరి 2026

2024లో మీ ముందు పెట్టిన ప్రణాళికను ఈ కాగితం రద్దు చేస్తోంది. రొయ్యల గుంటలో ఆక్సిజన్ కొలిచి ఫోనుకు పంపే డీవో మీటరు తయారీ ఆపేస్తున్నాం. ఇకపై నీళ్లలో ఏ వస్తువూ పెట్టం. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల స్టార్టర్ బోర్డులో కూర్చుని, ఏ ఏరేటర్ ఆగినా వెంటనే ఫోన్ చేసే పెట్టె మాత్రమే చేస్తాం. బ్యాంకులో మిగిలింది 6,80,000 రూపాయలు. దాంతో ఏం చేస్తామో, ఎక్కడ ఆగిపోతామో కింద ఉంది.

మొదటి వస్తువు ఎందుకు నిలవలేదు

46 మీటర్లు అమ్మాం. ఒక పంట పూర్తయ్యేసరికి 31 మంది వాడకం ఆపేశారు. కారణం నీళ్లలో ఉండి ఆక్సిజన్ కొలిచే ప్రోబు. వనామి రొయ్యల గుంటలో మేత ఎక్కువ, పాచి ఎక్కువ. దించిన ఐదో రోజుకి ప్రోబు మూతి మీద వేలితో తాకితే జారేంత ఆకుపచ్చ జిగురు పడుతుంది. ఆ పొరలోని సూక్ష్మజీవులు తమ వంతు ఆక్సిజన్ పీల్చేసుకుంటాయి కాబట్టి, రాత్రి గుంటలో లీటరుకు 4.5 మిల్లీగ్రాములు ఉన్నా మీటరు 2.8 చూపుతుంది. రెండు రాత్రులు ఉత్తినే లేచిన కాపలా మనిషి మూడో రాత్రి ఫోను ఆపేస్తాడు. అతన్ని తప్పు పట్టలేం.

రెండో లోపం పూర్తిగా మాది. ఉప్పు సవరణను మంచినీటికే వదిలేశాం. 28 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 పీపీటీ ఉప్పునీళ్లు 6.6 దగ్గరే ఆగిపోతాయి. అంటే మా మీటరు 4.0 అన్నప్పుడు అసలు ఉన్నది 3.4. ఎండాకాలం కాలువలో ఉప్పు పెరిగే కొద్దీ ఈ తేడా పెరిగింది. శుభ్రంగా ఉన్న ప్రోబు లేని ధైర్యం ఇచ్చింది, పాచి పట్టిన ప్రోబు లేని భయం ఇచ్చింది. రైతు దేన్ని నమ్మాలి?

లెక్కలోనూ నిలవలేదు. 38,500కి అమ్మితే విడిభాగాలకు 24,600, డీలరుకు 6,000 పోను మిగిలింది 7,900. ప్రోబు కడగడానికి, క్యాలిబ్రేషన్‌కి పంటకు ఆరుసార్లు గుంట మీదకు వెళ్లాం, ఒక్కో రాకపోకకు 850. రెండు పంటలకు 10,200. అంటే రెండో పంటలో ప్రతి మీటరూ నష్టమే. ఎక్కువ అమ్మితే నష్టం ఇంకా పెరిగేది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాక రైతులు చేయి బిగించిన మాట నిజమే గానీ, మా వైఫల్యాన్ని దాని మీదకు నెట్టడం లేదు. అప్పటికే వాడకం పడిపోయింది.

అసలు పొరపాటు అంతకు ముందే జరిగింది. అమ్మకానికి ముందు "డీవో ఎంతుందో రాత్రి తెలిస్తే బాగుంటుందా?" అని అడిగాం. బాగుండదని ఎవరంటారు! "పోయినసారి రొయ్య తేలినప్పుడు ముందు ఏం చెడింది, మీరేం చేశారు?" అని అడగాల్సింది.

దిశ మార్చింది ఏది

మీటర్లు పంపిన 212 అలారాల్ని గుంట పుస్తకాలతో సరిచూశాం. నిజమైనవి 14. అందులో 11 సార్లు ఏరేటర్లు ఆగడమే మూలం: కరెంటు పోయి జనరేటర్ వేయనివి 5, ఒక ఫేజు పోయినవి 3, స్టార్టర్ ట్రిప్ అయినవి 2, గేర్‌బాక్సు షాఫ్టు విరిగింది 1. మిగతా 3 బ్లూమ్ పడిపోయినవి, అంటే నీళ్లలో పెరిగిన పాచి ఒక్కసారిగా చచ్చినవి. ఆ మూడింటిని కొత్త పెట్టె పట్టుకోలేదు. ఈ సంగతి రైతుకు అమ్మే ముందే చెప్తాం, రసీదు మీద కూడా రాస్తాం.

80 రోజులు దాటి బరువెక్కిన గుంటలో తెల్లవారుజామున ఏరేటర్లు ఆగితే గంట, గంటన్నరలో రొయ్య గట్టుకు చేరుతుంది. డీవో పడిపోయాక చెప్పేకన్నా, పడటానికి కారణమైన మోటారు ఆగిన రెండు నిమిషాల్లోపే చెప్పడం మేలు.

కొత్త పెట్టె పని తీరు

ఒక్కో ఏరేటర్ వైరు చుట్టూ కరెంటు కొలిచే ఒక సీటీ కాయిల్ బిగిస్తాం, వైరు తెంచక్కర్లేదు. 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు నిండు లోడులో సుమారు 3.3 ఆంపియర్లు తీసుకుంటుంది. ఏరేటర్‌కు ఒక్క కాయిల్ చాలు. కాయిల్ ఉన్న ఫేజే పోతే రీడింగు సున్నా అవుతుంది, వేరే ఫేజు పోతే దాదాపు 1.7 రెట్లకు ఎగబాకుతుంది. అన్ని మోటార్ల రీడింగూ ఒకేసారి మారితే లైనులో ఫేజు పోయినట్టు. ఒక్కదానిది పెరిగితే రెక్కలకు తాడో వలో చుట్టుకున్నట్టు. ఒక్కదానిది బాగా తగ్గితే షాఫ్టు విరిగి మోటారు వట్టిగా తిరుగుతున్నట్టు.

వోల్టేజీ రాత్రికీ పగటికీ మారుతుంది, దాంతో ఆంపియర్లూ మారతాయి. అందుకే ఖాయమైన హద్దు పెట్టం. ఏడు రోజులు నేర్చుకున్నాక ప్రతి మోటారునూ అదే బోర్డు మీది మిగతా మోటార్లతో పోల్చి చూస్తుంది. జనరేటర్ మార్చుకోవడానికి 90 సెకన్లు ఆగుతుంది. మేత వేసేటప్పుడు కావాలని ఆపితే బటన్ ఒకసారి నొక్కాలి, గంటన్నర మాట్లాడదు.

యాప్ లేదు. గుంట మీద ఉండే మనిషి చేతిలో బటన్ ఫోనే ఉంటుంది. పెట్టె ఫోన్ చేసి తెలుగులో చెప్తుంది: "మూడో నంబర్ ఏరేటర్ ఆగింది, బోర్డులో కరెంటు ఉంది." ఒకటి నొక్కకపోతే రెండు నిమిషాల తర్వాత రైతుకు, ఆ తర్వాత పక్క గుంట వాళ్లకు వెళ్తుంది.

చెడేవి కూడా తెలుసు. కాయిల్ నోరు పూర్తిగా మూసుకోకపోతే రీడింగు తక్కువ చూపుతుంది. అందుకే బిగించిన వెంటనే క్లాంప్ మీటరుతో సరిచూసి, రెండు అంకెలూ పెట్టె తలుపు లోపల రాయాలి. ఉప్పుగాలికి రాగి టెర్మినళ్లు పచ్చబడతాయి కాబట్టి సర్క్యూట్‌కు పూత, వైర్లు పెట్టె అడుగు నుంచే లోపలికి. చీమలు దూరకుండా వాడని కంతలన్నీ మూసేయాలి.

ఖర్చు, ధర

ఎనిమిది ఏరేటర్ల పెట్టెకు కాయిల్స్ 1,120, 4జీ మాడ్యూల్ 1,150, సర్క్యూట్ 620, బ్యాటరీ 480, పవర్ సప్లై 390, పెట్టె, గ్లాండ్లు, టెర్మినళ్లు 590. మొత్తం 4,350. కూర్పు, పరీక్ష 450 కలిపి 4,800. జీఎస్టీ కాక ధర 8,400. బిగించే ఊరి ఎలక్ట్రీషియన్‌కు 600, వారంటీకి 700 పక్కన పెడితే మిగిలేది 2,300. నెల ఖర్చు 92,000, అంటే నెలకు 40 పెట్టెలు అమ్మితే సరిపోతుంది. సిమ్ము, ఫోన్ల కోసం పంటకు 900 వేరే. పాత మీటరు కొన్నవాళ్లకు అసలు ఖర్చు 4,800కే ఇస్తాం. వాళ్ల నమ్మకం పోగొట్టింది మేమే.

జూన్ 30 వరకు

ఫిబ్రవరి, మార్చిలో సీడు వేసే గుంటల్లో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల్లో 25 పెట్టెలు బిగిస్తాం. ఉచితంగా ఇవ్వం. 2,000 అడ్వాన్సు, పట్టుబడి అయ్యాక మిగతాది. వద్దనుకుంటే పెట్టె వెనక్కి తీసుకుని అడ్వాన్సు తిరిగిస్తాం. పెట్టెలకు 1,20,000, నాలుగు నెలల ఖర్చు 3,68,000, పరీక్షలకు 60,000. మొత్తం 5,48,000 పోను 1,32,000 ముట్టుకోం. అడ్వాన్సులను ఈ లెక్కలో కలపలేదు.

మూడు హద్దులు పెట్టుకున్నాం. 25 మందిలో కనీసం 18 మంది మిగతా డబ్బు కట్టాలి. ఒక్కో పెట్టెకు తప్పుడు ఫోన్లు నెలకు రెండు దాటకూడదు. బిగించాక మా మనిషి వెళ్లాల్సి రావడం పంటకు ఒక్కసారి మించకూడదు. ఏ ఒక్కటి తప్పినా అక్టోబరు వానలకు ముందు చేయాల్సిన 200 పెట్టెల ఆర్డరు పెట్టం, మిగిలిన డబ్బు వాటాల ప్రకారం మీకు తిరిగి పంపుతాం. కొత్త పెట్టుబడి ఇప్పుడు అడగడం లేదు. ఉన్న 6,80,000ను ఇలా ఖర్చు చేయడానికి జనవరి 31లోగా నలుగురి సంతకాలు కావాలి.